బడికి వెళ్లనని ఏడ్చే పిల్లవాడు మళ్లీ తరగతిలో కూర్చోవాలంటే

(గుంటూరులో తల్లిదండ్రులు, టీచర్ల ముందు పిల్లల మానసిక వైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ముందుగా మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆదివారం మధ్యాహ్నం దాకా గంతులేసిన పిల్లాడికి సోమవారం పొద్దున్న ఏడింటికి కడుపునొప్పి రావడం ఎంతమంది చూశారు? చాలా చేతులే లేచాయి. స్కూలు బస్సు వెళ్లిపోయాక, పది గంటలకల్లా ఆ నొప్పి తగ్గిపోయి ఉప్మా అడగడం? అదీ చూశారు. అప్పుడు మనం ఏమంటాం? 'వీడు నటిస్తున్నాడు' అంటాం. అంటామా, లేదా?

నటన కాదండీ. భయం వేస్తే కడుపులో పేగుల కదలిక మారిపోతుంది. ఇంటర్వ్యూ రోజు మనం రెండుసార్లు బాత్రూముకు వెళ్లమూ? అదీ అంతే. నొప్పి నిజం. దాని వెనక ఉన్నది భయం. రెండూ నిజమే.

ఇంకో పొరపాటు కూడా చేస్తాం. దీన్ని డుమ్మా కొట్టడంతో కలిపేస్తాం. డుమ్మా కొట్టేవాడు స్కూలుకని బయల్దేరి ఇంకెక్కడికో పోతాడు, ఇంట్లో తెలియదు. నేను చెప్తున్న పిల్లలు మీ కళ్లముందే ఉంటారు. రాత్రి బ్యాగు సర్దుకుంటారు. హోంవర్క్ చేస్తారు. 'రేపు తప్పకుండా వెళ్తానమ్మా' అని మాటిస్తారు, ఆ మాట మనస్ఫూర్తిగానే ఇస్తారు. తెల్లారేసరికి కాళ్లు కదలవు. దీనికి పెట్టిన పేరు స్కూల్ రెఫ్యూజల్. ఇదొక జబ్బు పేరు కాదు, జ్వరం లాంటి ఒక లక్షణం. కింద వేరే ఏదో ఉంటుంది. ఒకరికి అమ్మను వదిలి ఉండలేని భయం, ఒకరికి నలుగురిలో నోరు విప్పాలంటే భయం, ఇంకొకరికి చదవడమే రాకపోవడం.

ఈరోజు అన్నీ చెప్పను. ఒక్క పిల్లవాడి సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్తాను. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను, పేరు చెప్పను, బాబు అని పిలుస్తాను.

బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. బాగా చదువుతాడు. వానాకాలంలో వాళ్లమ్మకి డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. బాబు స్కూల్లో ఉండగానే తీసుకెళ్లారు. సాయంత్రం వచ్చేసరికి ఇంటికి తాళం, పక్కింటి ఆంటీ చేతిలో తాళంచెవి. అమ్మ తిరిగొచ్చింది, కోలుకుంది. ఆ తర్వాత బాబుకే జలుబు, జ్వరం వచ్చి నాలుగు రోజులు ఇంట్లో ఉన్నాడు. జ్వరం తగ్గింది. కడుపునొప్పి మొదలైంది.

ఇల్లు ఏం చేస్తుంది? గ్యాస్ అనుకుని మందు వేశారు. నులిపురుగుల మందు వేశారు. నాయనమ్మ దిష్టి తీసింది. స్కాన్ తీయించారు, ఏమీ లేదన్నారు, ఇంకోచోట మళ్లీ తీయించారు. ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించడం అవసరమే, దాన్ని నేను కాదనను. నొప్పి నిద్రలోంచి లేపినా, బరువు తగ్గుతున్నా, వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం పడినా, సెలవు రోజుల్లో కూడా అదే నొప్పి ఉన్నా అది శరీరానికి సంబంధించిన సంగతే కావచ్చు. అవేవీ లేవని ఒక డాక్టరు తేల్చాక రెండో స్కాను, మూడో స్కాను తీయించకండి. ఒక్కొక్క స్కానూ పిల్లాడికి 'నాలో ఏదో పెద్ద రోగం ఉంది, వీళ్లకే దొరకడం లేదు' అని చెప్తుంది.

సరే, స్కానులో ఏమీ లేదు. అంటే నటనే అని తేల్చారు. ఇక బలవంతం మొదలైంది.

నాన్న బండి మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. గేటు దగ్గర బాబు ఊచలు పట్టుకున్నాడు. వాచ్‌మన్ ఒక్కొక్క వేలూ విడదీసి లోపలికి తీసుకెళ్లాడు. క్లాసులో వాంతి చేసుకున్నాడు. అందరూ చూశారు. పదిగంటలకు స్కూలు నుంచి ఫోను, అమ్మ పరుగెత్తుకెళ్లి ఇంటికి తెచ్చేసింది. మర్నాడు వాంతి ఎక్కడ అయింది? ఇంట్లోనే, బూట్లు వేసుకుంటుండగా. చూడండి, ఎవరూ కావాలని నేర్పలేదు. కానీ బాబు శరీరం నేర్చుకుంది: భయం ఇంత దాకా పెరిగితే అమ్మ వస్తుంది. బలవంతం చేసి, మధ్యలో వదిలేయడం. ఇంతకంటే చెడ్డ కలయిక లేదు.

'మరి మధ్యలో వదలకుండా సాయంత్రం దాకా ఉంచేస్తే?' అని ఒక నాన్నగారు ఇప్పుడే ముఖం పెట్టారు, నాకు కనిపిస్తోంది. అదీ చేశారండీ. ఆ రోజంతా స్టాఫ్ రూములో కిటికీ దగ్గర గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. క్లాసులో లేడు, పాఠం వినలేదు, స్నేహితులతో మాట్లాడలేదు. భయం పదికి పది ఉన్నప్పుడు మెదడు కొత్తది ఏదీ నేర్చుకోదు, తప్పించుకునే దారి కోసం వెతుకుతుంది, అంతే. ఇంకో రోజు 'గుడికి వెళ్దాం రా' అని చెప్పి స్కూలు ముందు దింపారు. ఆ తర్వాత బాబు నాన్న బండే ఎక్కలేదు. బజారుకన్నా ఎక్కలేదు. భయానికి తోడు ఇప్పుడు అపనమ్మకం కూడా చేరింది.

ఒక మినహాయింపు చెప్పాలి, లేకపోతే నన్ను తప్పుగా అర్థం చేసుకుంటారు. ఎల్‌కేజీ పిల్లలు జూన్‌లో మొదటివారం ఏడుస్తారు. టీచరు ఎత్తుకోగానే పది నిమిషాల్లో సర్దుకుంటారు. అది మామూలే. అలాగే పెద్ద పిల్లల్లో కూడా, సమస్య మొదలై రెండు మూడు రోజులే అయితే, ఇంట్లో అందరూ ఒకే మాట మీద నిలబడి మర్నాడే స్కూలుకు పంపేస్తే చాలాసార్లు అక్కడితో పోతుంది. గట్టిగా ఉండటం వేరు, వేళ్లు విడదీసి ఈడ్చుకెళ్లడం వేరు. వారాలు గడిచాక మాత్రం ఆ దారి మూసుకుపోతుంది.

బాబు ఇంట్లో ఇద్దరూ అలిసిపోయారు. 'పోనీ కొన్నాళ్లు ఉండనీ, వాడే సర్దుకుంటాడు' అనుకున్నారు. మెడికల్ సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చారు. ఆరు వారాలు గడిచాయి.

ఇది ప్రేమతోనే చేశారు. కానీ ఏం జరుగుతుందో చూడండి. పొద్దున్న ఏడున్నరకు బాబు భయం తారస్థాయిలో ఉంది. అమ్మ 'సరే, ఈరోజుకి ఉండు' అంది. ఒక్క నిమిషంలో ప్రాణం లేచొచ్చింది. బాబుకే కాదు, అమ్మకి కూడా. ఆ హాయే అసలు చిక్కు. తప్పించుకుంటే హాయిగా ఉంటుందని ఇద్దరూ రోజూ పొద్దున్నే ఒక పాఠం చదువుతున్నారు. భయం దానంతట అది పెరిగి, కాసేపు అక్కడే ఉంటే దానంతట అదే దిగుతుంది. ఆ దిగడం బాబు ఒక్కసారి కూడా చూడలేదు. పెరిగినప్పుడల్లా తప్పించేశాం.

ఇంకొకటి. బాబు భయం ఏమిటి? నేను లేనప్పుడు అమ్మకి ఏమైనా అవుతుందని. ఆరు వారాలు రోజంతా అమ్మ పక్కనే ఉన్నాడు. అమ్మకి ఏమీ కాలేదు. దానికి బాబు చెప్పుకున్న కారణం ఏమిటో తెలుసా? 'నేను ఉన్నాను కాబట్టే ఏమీ కాలేదు.' వాడు నాతో ఈ మాటే అన్నాడు. తను లేకపోయినా అమ్మ క్షేమంగా ఉంటుందని తెలుసుకునే అవకాశం వాడికి ఒక్కరోజు కూడా రాలేదు. అందుకే ఇంట్లో ఉంచితే భయం తగ్గదు, ముదురుతుంది.

దీనికి తోడు ఆరు వారాల్లో మిగతావన్నీ పేరుకుంటాయి. రాత్రి పదకొండుకు పడుకోవడం, పొద్దున్న తొమ్మిదికి లేవడం. చేతిలో ఫోను. ఎనిమిది సబ్జెక్టుల నోట్సు రాయాల్సింది మిగిలిపోయింది. ఇన్నాళ్లు ఎందుకు రాలేదురా అని నలభైమంది అడుగుతారు. మొదట ఒక భయం ఉండేది, ఇప్పుడు నాలుగు.

ఇక మళ్లీ పంపడం ఎలా? నెమ్మదిగా, మెట్లు మెట్లుగా. కానీ ఏ మెట్లు? ఇక్కడే చాలామంది తొందరపడతారు. 'మొదట గంట, తర్వాత రెండు గంటలు, తర్వాత సగం రోజు' అని గడియారం ముందు పెట్టుకుని రాసేస్తారు. బాబుని నేను అడిగాను. గోడ మీద సున్నా నుంచి పది దాకా గీసి, ఒక్కొక్కటి చెప్తుంటే భయం ఎంతో వేలు పెట్టి చూపించమన్నాను. క్లాసులో కూర్చోవడం? మూడు. లెక్కల టీచరు? నాలుగు. అమ్మ లేకుండా అన్నం తినడం? ఆరు. స్కూలు బస్సు? తొమ్మిది. గేటు దగ్గర అమ్మ వెనక్కి తిరిగి వెళ్లిపోవడం? వేలు పది దాటి గోడ పైకి వెళ్లింది.

అర్థమైందా? వీడికి స్కూలంటే భయం లేదు. అమ్మ కనిపించకపోవడం భయం. గంటలు పెంచుకుంటూ పోతే సరిపోదు. రెండు లెక్కలు చూసుకోవాలి: ఎంతసేపు ఉంటున్నాడు, అమ్మ ఎంత దూరంలో ఉంది. ఒకసారి ఒకటే మార్చాలి. సేపు పెంచిన రోజు అమ్మ దూరం మార్చకూడదు, అమ్మ దూరం పెంచిన రోజు సేపు అంతే ఉండాలి. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతా పట్టిక మీరే తయారు చేసుకోగలరు. వేరే పిల్లవాడికి వేరే జాబితా వస్తుంది. మొన్న ఒక పాప జాబితాలో అన్నిటికంటే పైన గడియ లేని బాత్రూము తలుపు ఉంది. ఆ పాప పొద్దున్న నుంచి నీళ్లు తాగడం మానేసింది. దానికి కౌన్సెలింగ్ ఎందుకు, ఒక గడియ బిగిస్తే చాలు. అడక్కపోతే ఎలా తెలుస్తుంది?

మెట్లు ఎక్కించే ముందు ఇంట్లో ఒక పని. మొదటి రోజు నుంచే, ఇంకా స్కూలుకు వెళ్లకపోయినా, ఆరున్నరకు లేవాలి, స్నానం, యూనిఫాం, టిఫిను. స్కూలు వేళల్లో బల్ల దగ్గర పుస్తకాలు. నాలుగు గంటల దాకా టీవీ లేదు, ఫోను లేదు, అమ్మ పక్కన కూర్చుని ఆడదు. ఇది శిక్ష కాదని బాబుకి ముందే చెప్పాం. ఇల్లు స్కూలుకంటే మరీ మజాగా ఉండకూడదు, అంతే. నాయనమ్మకి ఇది ఒప్పించడానికే నాకు ఎక్కువ టైం పట్టింది, నిజం చెప్తున్నాను.

తర్వాత స్కూలుతో మాట్లాడాలి. టీచర్లు చాలామంది వచ్చారు, మీకే చెప్తున్నాను. మేము పెద్దగా ఏమీ అడగలేదు. రోజూ గేటు దగ్గర ఎదురొచ్చేది ఒకే మనిషి అయి ఉండాలన్నాం, ఆ స్కూల్లో ఒక ఆయమ్మ ఒప్పుకుంది, అందరికంటే బాగా చేసింది. పాత నోట్సు మాఫీ చేయమన్నాం. ఇది చాలా ముఖ్యమండీ. తిరిగొచ్చిన పిల్లాడి చేతిలో ఆరు వారాల నోట్సు పెట్టి 'శుక్రవారం లోపల కంప్లీట్ చెయ్' అంటే శనివారం వాడు రాడు. ఈరోజు పాఠం నుంచి మొదలుపెట్టనివ్వండి. క్లాసులో లేపి 'ఇన్నాళ్లు ఏమైంది' అని అడగవద్దన్నాం. పిల్లలు అడిగితే చెప్పడానికి బాబుకి ఒక మాట ఇంట్లో అలవాటు చేయించాం: 'ఒంట్లో బాగోలేదు, ఇప్పుడు బాగానే ఉంది, ఏం ఆడుతున్నారు?' ప్రశ్నతో ముగించాలి, అప్పుడు అవతలివాడు ఆట గురించి మాట్లాడతాడు.

ఇక మెట్లు. మొదట సాయంత్రం స్కూలు వదిలాక, అమ్మతో కలిసి ఖాళీ క్లాసులో తన బెంచీ మీద ఇరవై నిమిషాలు. భయం మూడుతో మొదలై ఒకటికి దిగింది. ఆ దిగడం బాబే గోడ మీద గీసుకున్నాడు. ఇదే మందు అనుకోండి. తర్వాత పిల్లలు ఉండగా, ఆఖరి పీరియడ్ ఒక్కటి. డ్రాయింగు, వాడికిష్టం. అమ్మ క్లాసు బయట వరండాలో, కిటికీలోంచి కనిపించేలా. పొద్దున్న పీరియడ్ కాకుండా ఆఖరిదే ఎందుకు? ఎందుకంటే బెల్లు కొట్టగానే అందరితో పాటు ఇంటికి వెళ్తాడు. మధ్యలో లేచి వెళ్లిపోయేవాడిగా కాకుండా అందరిలో ఒకడిగా వెళ్తాడు. అక్కడి నుంచి వెనక్కి పెంచుకుంటూ వచ్చాం. ఆఖరి రెండు పీరియడ్లు, అమ్మ వరండాలోనే. తర్వాత అవే రెండు పీరియడ్లు, అమ్మ కింద ఆఫీసు గదిలో, కనిపించదు.

ఇక్కడ ఆగిపోయింది. బాబు ఆరు రాసిన మెట్టు ఇది, ఎక్కాక ఎనిమిది అయింది. నీళ్లకని, బాత్రూముకని మాటిమాటికీ కిందికి దిగి చూసి వెళ్తున్నాడు. అప్పుడు ఇంటికి తీసుకుపోకూడదు. ముందుకూ తొయ్యకూడదు. మెట్టుని రెండు ముక్కలు చేయాలి. అమ్మ కిందే ఉంటుంది, బాబు పీరియడుకి ఒక్కసారి వెళ్లి చూడొచ్చు. రెండు రోజులయ్యాక చూడటం లేదు, ఆయమ్మ చేత ఒక చీటీ మాత్రం పంపవచ్చు. తర్వాత చీటీ కూడా లేదు. వరసగా రెండు మూడు రోజులు భయం సగానికి దిగితేనే పై మెట్టు.

తర్వాత అమ్మ గేటు బయట. తర్వాత అమ్మ ఇంటికి వెళ్లి, చెప్పిన టైముకి వస్తుంది. తర్వాత మధ్యాహ్నం నుంచి, తర్వాత భోజనంతో కలిపి, తర్వాత పదకొండు నుంచి. ఇక పొద్దున్నే వెళ్లడం వచ్చేసరికి దింపేది అమ్మ కాదు, నాన్న. విడిపోవడం అమ్మ దగ్గర కష్టం కాబట్టి ఇంటి దగ్గరే అమ్మకి టాటా చెప్పడం. బస్సు అన్నిటికంటే చివర. మొత్తం రెండు నెలలకు దగ్గర పట్టింది.

ఇందులో అందరూ తప్పటడుగు వేసే చోట్లు రెండు ఉన్నాయి, వాటి దగ్గర కాస్త ఆగుతాను.

ఒకటి, అనుకున్న టైము. ఏడ్చినా ముందుగా తీసుకురాకూడదని అందరికీ తెలుసు. కానీ నవ్వుతూ ఉన్నా ఎక్కువసేపు ఉంచకూడదు. ఒకరోజు బాబు బాగా ఆడుకుంటున్నాడని ఒక టీచరు మంచి మనసుతోనే 'మీరు వెళ్లండమ్మా, సాయంత్రం దాకా ఉంచేస్తాం' అని అమ్మని పంపేశారు. బాబు తిరిగి చూసేసరికి అమ్మ లేదు. ఇంటి తాళం రోజు మళ్లీ వచ్చినట్టే కదా వాడికి? మూడు మెట్లు కిందికి జారాం.

రెండోది, ధైర్యం చెప్పడం. 'అమ్మా, నీకేం కాదుగా?' అని బాబు రోజూ పొద్దున్న అడుగుతాడు. 'ఏం కాదు నాన్నా' అంటే నిమిషం బాగుంటుంది, మళ్లీ అడుగుతాడు. ఈ జవాబు కూడా తప్పించుకోవడమే, కాకపోతే నోటితో. ఒక్కసారి జవాబు చెప్పండి. రెండోసారి అడిగితే 'దీనికి జవాబు నీకు తెలుసు' అనండి. మీరు కూడా 'కడుపులో ఎలా ఉంది, నొప్పి ఉందా' అని అడగవద్దు, అడిగితే ఉంటుంది. గేటు దగ్గర 'నీకు భయంగా ఉందని తెలుసు. మూడున్నరకి ఇక్కడ ఉంటాను' అని చెప్పి వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. మూడున్నర అంటే మూడున్నరే. మూడు ముప్పై అయిదు కాదు. స్కూలు నుంచి ఫోను చేసి అమ్మ గొంతు వినడం కూడా ఇంతే. బాబుకి మొదట లంచ్‌లో ఒక్క ఫోను ఒప్పుకుని, తర్వాత ఎత్తేశాం.

పొద్దున్న కడుపునొప్పి అంటే ఏం చేయాలి? థర్మామీటరు పెట్టండి. జ్వరం 100 దాటినా, వాంతులు, విరేచనాలు ఉన్నా ఆ రోజు ఇంట్లోనే. భయంతో అయ్యే వాంతి సంగతి వేరు, అది బూట్ల టైముకే వస్తుంది, ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. ఇవేవీ లేకపోతే నొప్పితోనే బయల్దేరాలి. ఈ నియమం ముందురోజు రాత్రి ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పాలి, పొద్దున్న ఏడున్నరకు కాదు.

ఈ పద్ధతి అందరికీ కాదు. స్కూల్లో ఎవరైనా కొడుతున్నా, ఏడిపిస్తున్నా, ఒంటిమీద చెయ్యి వేస్తున్నా వాడి భయం సరైనదే. ముందు అది ఆగాలి, అప్పటిదాకా మెట్లూ లేవు ఏమీ లేవు. టీచరు కొట్టడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం. పిల్లల హెల్ప్‌లైను 1098, రాసుకోండి. తోటిపిల్లలు చదివేస్తున్నా ఒక వాక్యం కూడబలుక్కుంటున్న పిల్లవాడైతే చదవడంలో ఇబ్బంది ఉందేమో పరీక్ష చేయించాలి, లేకపోతే రోజూ అవమానంలోకి మెట్లు కట్టినట్టు అవుతుంది. పెద్ద పిల్లలు 'చచ్చిపోవాలనుంది' అంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. కొందరికి కౌన్సెలింగ్‌తో పాటు కొన్నాళ్లు మందులు కూడా ఇస్తాం. మందు ఒక్కటే ఇచ్చి ఇంట్లో కూర్చోబెడితే మాత్రం పిల్లవాడు ప్రశాంతంగా ఇంట్లో కూర్చుంటాడు, అంతే.

చివరగా సెలవులు. బాబు పూర్తిగా స్కూలుకు వెళ్తున్నాడు, అందరూ సంతోషించారు, సంక్రాంతి వచ్చింది. సెలవులయ్యాక మొదటి రోజు మళ్లీ గేటు దగ్గర ఊచలు పట్టుకున్నాడు. అమ్మ ఏడుస్తూ నాకు ఫోను చేసింది, అంతా మొదటికొచ్చిందని. మొదటికి రాలేదు. సెలవు తర్వాత, జ్వరం తర్వాత, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినప్పుడు ఇది తలెత్తుతుంది, ముందే అనుకుని ఉండాలి. కింది మెట్టు నుంచి ఎక్కించక్కర్లేదు, ఆఖరున ఎక్కడ కష్టపడ్డాడో అక్కడ రెండు రోజులు ఆగితే చాలు. బాబుకి నాన్న మళ్లీ రెండు రోజులు గేటు లోపలిదాకా వచ్చాడు, ఆయమ్మ ఎదురొచ్చింది, మూడో రోజు బస్సు ఎక్కాడు. ఇప్పుడు వాళ్లింట్లో దసరా అయినా సంక్రాంతి అయినా సెలవుల ఆఖరి మూడు రోజులు ఆరున్నరకే లేస్తారు, ఆఖరి సాయంత్రం బాబూ నాన్నా స్కూలు దాకా నడిచి వస్తారు.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇందాక ముఖం పెట్టిన నాన్నగారూ, మీ ప్రశ్న ముందు తీసుకుంటాను. మైకు అటు ఇవ్వండమ్మా.